మారిన మూడు వాక్యాలు

మే 12 రాత్రి మా చిన్నమ్మ కొడుకు ఫోన్ చేసిండు. వాడు హైదరాబాద్ అశోక్‌నగర్‌లో రూమ్ తీసుకుని గ్రూప్-2కి చదువుతున్నాడు. "అక్కా, ఆ టెస్ట్ సిరీస్ యాప్ వాళ్లు ఏందో మెయిల్ పంపిన్రు. రూల్స్ మారినయంట. చూడాల్నా, తీసేయాల్నా?" అన్నాడు.

"తీసేయకు, నాకు పంపు" అన్నాను.

నిజం చెప్పాలంటే నేనూ ఇలాంటి మెయిళ్లు చదవను. కానీ ఆ యాప్‌లో వాడి కుల ధ్రువీకరణ పత్రం ఉంది. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు సగం ధర అంటే పోయిన ఏడాది జూన్‌లో నేనే స్కాన్ చేసి పెట్టించాను. 2,400 రూపాయలది 1,200కు వచ్చింది. చిన్నమ్మ బీడీలు చుట్టి పంపే డబ్బులోంచి కట్టాం. ఏటా దానంతటదే కట్ అయ్యేలా యూపీఐ ఆటోపే కూడా పెట్టాం.

మెయిల్ చాలా మర్యాదగా ఉంది. మీ అనుభవాన్ని మెరుగుపరచడానికి, నిబంధనలను మరింత స్పష్టంగా చేశాం అని నాలుగు వాక్యాలు. జూన్ 1 నుంచి అమలు. ఏం మారిందో ఎక్కడా లేదు. కింద ఒక లింకు మాత్రం ఉంది.

లింకు నొక్కలేదు. ఇలాంటి మెయిళ్ల పేరుతో మోసాలు జరుగుతాయి కాబట్టి యాప్ తెరిచి అందులోనే నిబంధనల పేజీకి వెళ్లాను. పంతొమ్మిది పేజీలు. అన్నీ చదివితే తెల్లారుతుంది, చదివినా ఏది కొత్తదో తెలియదు. అప్పుడు గుర్తొచ్చింది, ఇది నాకు రాని పని కాదు కదా అని. పీహెచ్‌డీ రోజుల్లో ఒకే కావ్యానికి రెండు ప్రతులు పక్కపక్కన పెట్టుకుని పాఠభేదాలు రాసుకునేవాళ్లం. ఒక్క ప్రతి చదివితే అంతా సరిగ్గానే ఉన్నట్టుంటుంది. రెండోది పక్కన పెడితేనే ఎవరు ఏ మాట తీసేశారో కనబడుతుంది.

పాత ప్రతి కావాలి. అదృష్టం కొద్దీ చేరినప్పుడు వచ్చిన మెయిల్‌కు పీడీఎఫ్ జతచేసి ఉంది. అది లేకపోతే web.archive.orgలో ఆ పేజీ చిరునామా ఇచ్చి పాత తేదీది దొరుకుతుందేమో చూసేదాన్ని. రెండూ గూగుల్ డాక్స్‌లో పెట్టి, టూల్స్‌లో Compare documents నొక్కాను. మార్పులన్నీ రంగులో తేలాయి. చాలావరకు కామాలు, చిరునామాలు. మిగతావాటిలో renew, cancel, share అనే మూడు మాటలు ఉన్నచోట్లే ఆగి చదివాను. మూడు వాక్యాలు మారాయి.

మొదటిది ఫీజు. పాత ప్రతిలో "మీరు చేరినప్పటి ధరకే" పునరుద్ధరణ జరుగుతుందని ఉంది. కొత్తదాంట్లో "అప్పటికి అమల్లో ఉన్న ధరకు" అని ఉంది. రాయితీ మొదటి ఏడాదికేనని వేరే విభాగంలో ఒక ముక్క కలిపారు. ఈ రెండూ కలిపి చదివితేనే అర్థమవుతుంది: ఈసారి కట్ అయ్యేది 1,200 కాదు, 2,400.

మరి ఆటోపే ఆపదా అనుకున్నాను. యూపీఐ యాప్‌లో ఆ మాండేట్ తెరిచి చూస్తే, గరిష్ఠ మొత్తం 5,000 అని ఉంది. చేరిన రోజు పిన్ కొట్టి మేం ఒప్పుకున్నది 1,200కు కాదు, 5,000 వరకు. ఆ లోపల ధర ఎంత పెంచినా మళ్లీ పిన్ అడగరు. మీ మాండేట్లలో కూడా ఈ అంకె ఒకసారి చూసుకోండి.

రెండోది రద్దు. పాతది "పునరుద్ధరణ తేదీకి ముందు ఎప్పుడైనా". కొత్తది "కనీసం ఏడు రోజుల ముందు". వాడి తేదీ జూన్ 18. అంటే జూన్ 11 దాటితే వాళ్ల లెక్కలో రద్దు లేదు. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం డబ్బు కట్ అయ్యే కనీసం 24 గంటల ముందు మనకు సందేశం రావాలి. సరిగ్గా 24 గంటల ముందే పంపితే అది 17న వస్తుంది. అప్పటికి వాళ్ల గడువు ముగిసి ఆరు రోజులు. సందేశం వచ్చాక చూద్దాంలే అనుకునేవాళ్లు దొరికిపోయేది ఇక్కడే.

మూడోది చూసి కాసేపు ఫోన్ పక్కన పెట్టాను. పాత ప్రతిలో, మీరిచ్చిన పత్రాలను రాయితీ అర్హత చూడటానికి "మాత్రమే" వాడతాం అని ఉంది. కొత్తదాంట్లో ఆ "మాత్రమే" లేదు. దాని స్థానంలో "మా భాగస్వాముల ద్వారా తగిన అవకాశాలు చూపించడానికి" అని చేరింది. భాగస్వాములంటే ఎవరో నిర్వచనాల్లో వెతికాను. ఉద్యోగాలిచ్చే కంపెనీలు, అప్పులిచ్చే సంస్థలు కూడా ఉన్నాయి.

వాడు అశోక్‌నగర్‌లో రూమ్ వెతుకుతున్నప్పుడు ఇద్దరు ఓనర్లు "మీరేమిట్లు?" అని అడిగారు. మూడోచోట వాడు జవాబు మార్చి చెప్పి తాళంచెవి తీసుకున్నాడు. ఎవరికి చెప్పాలో, ఎవరికి చెప్పొద్దో వాడు అంత లెక్క చూసుకుంటుంటే, ఇంటర్వ్యూకు వెళ్లకముందే వాడి కులం ఏదో కంపెనీ చేతికి వెళ్లే దారి ఒక్క మాట తీసేయడంతో తెరుచుకుంది.

చట్టం అడ్డుకోదా అంటారేమో. 2019 నాటి వ్యక్తిగత డేటా బిల్లులో కులాన్ని సున్నితమైన సమాచారాల జాబితాలో పెట్టారు. 2023లో చట్టమైనదాంట్లో అలాంటి ప్రత్యేక జాబితానే లేదు. సమ్మతి ఇవ్వడం ఎంత సులువో వెనక్కి తీసుకోవడం అంతే సులువుగా ఉండాలని మాత్రం అందులో ఉంది. దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, ఈ భాగం అమలుకు పద్దెనిమిది నెలల గడువిచ్చారు. కాబట్టి ఇప్పటికి అడగడమే మన పని.

జూన్ 1 తర్వాత యాప్ వాడితే ఒప్పుకున్నట్టేనని మరో వాక్యం ఉంది. అందుకే ఆలోపే చేశాం. యూపీఐ యాప్‌లో మాండేట్ రద్దు చేశాం. అది డబ్బును ఆపుతుంది కానీ ఖాతాను మూయదు. అందుకని యాప్‌లోనూ సబ్‌స్క్రిప్షన్ రద్దు చేసి, ఆ తెర ఫొటో తీసి పెట్టుకున్నాం. యాప్‌ను ఫోన్‌లోంచి తీసేస్తే చాలనుకునేవాళ్లున్నారు. దానివల్ల ఈ రెండూ జరగవు.

తర్వాత వాళ్ల ఫిర్యాదుల అధికారికి మెయిల్ రాశాను: కొత్త వాడకానికి మా సమ్మతి లేదు, పత్రాన్ని తొలగించి, తొలగించినట్టు రాయండి అని. తొమ్మిది రోజులకు, పత్రం తొలగించామని జవాబొచ్చింది. ప్రొఫైల్ తెరిచి చూస్తే స్కాన్ లేదు. కానీ "కేటగిరీ: ఎస్సీ" అన్న గడి అలాగే ఉంది. కాగితం పోయింది, కాగితంలోంచి తీసుకున్న మాట పోలేదు. మళ్లీ రాస్తే ఆ గడి కూడా ఖాళీ అయింది. ఈలోగా ఎవరికైనా పంపారా అన్న ప్రశ్నకు జవాబు రాలేదు.

ఇప్పుడు వాడు లైబ్రరీలో పాత ప్రశ్నపత్రాలతో చదువుతున్నాడు. మొన్న ఫోన్‌లో అడిగాడు: "అక్కా, సర్టిఫికెట్ పెట్టకుంటే సగం ధర రాదు, పెడితే వాళ్ల చేతిలో పడ్తది. మరేం చేయాలె?"

"పెట్టు" అన్నాను. "రాయితీ మన హక్కు. కానీ పెట్టిన రోజే ఆ నిబంధనల పేజీని పీడీఎఫ్ చేసి దాచుకో. రేపు వాళ్లు మాట మారిస్తే, ముందేమన్నారో మన దగ్గర ఉండాలె."