పులుపు చివర రావాలి

మా పుట్టిల్లు కడప, మెట్టినిల్లు కర్నూలు. ఇంట్లో దక్కనీలో అంబాడా అన్నా, ఇరుగుపొరుగుతో గోంగూర అన్నా, మా రెండు ఇళ్లలోనూ వారానికి ఒకనాడైనా వండక తప్పని ఆకు అది. డెబ్బై ఏళ్లు దాటిన అమ్మీ ఇప్పుడు మా వద్దనే ఉంటున్నారు. పులుపు మితిమీరితే ఆమెకు రాత్రంతా కడుపులో మంట. అలాగని పులుపు లేని కూర పెడితే రెండు ముద్దలతో లేచిపోతారు. అందువల్ల పులుపును చంపకుండా తగ్గించడమెలాగన్నది మా వంటింట్లో రోజూ ఎదురయ్యే ప్రశ్న అయింది.

దీనికి సమాధానం పొయ్యి దగ్గర కాదు, ఆకు కోసే దగ్గరే మొదలవుతుంది. గోగు మొక్క కాండం నుండి నార తీసి తాళ్లు పేనుతారు. ఆ నార ముదిరిన కాడలోనూ ఉంటుంది; ఎంత ఉడికించినా పంటి కింద పీచుగా తగులుతుంది. అందుకని మొగ్గ తొడగని మొక్కను చూసి, కొసన ఉన్న లేత ఆకులనే తుంచాలి. కాడను విరిచి చూస్తే ముదురు, లేత తెలిసిపోతుంది. లేతదైతే పుటుక్కున తెగుతుంది, ముదిరినదైతే దారాలు సాగుతాయి. ఎర్ర కాడ గోంగూరకు పులుపు ఎక్కువ, తెల్ల కాడ దానికి తక్కువ. అమ్మీ కోసం నేను తెల్లదే ఏరుతాను. ఆకు మొదలులో కాడను గిల్లివేసి, మూడు నీళ్లలో కడిగి, జల్లెడలో ఆరనిస్తాను.

మునగాకు సంగతి వేరు. పచ్చి రెమ్మను వేళ్ల మధ్య పట్టి దూస్తే ఆకుతో పాటు సన్నని ఈనెలూ ఊడివస్తాయి. వాటిని ఏరడానికి గంట పడుతుంది. అమ్మీ నేర్పిన పద్ధతి సులువైనది. చిగురుకు దగ్గరగా ఉన్న లేతపచ్చని రెమ్మలను సాయంత్రం కోసి, తడి లేకుండా ఒక నూలుగుడ్డలో మూటకట్టి ఉంచాలి. తెల్లవారేసరికి ఆకులు తమంతట తామే వదులవుతాయి. మూటను పళ్లెం మీద దులిపితే ఆకు రాలి, ఈనె చేతిలో మిగులుతుంది. మరో పూట ఆగితే మాత్రం ఆకు పండుబారుతుంది.

ఇక వంట. నలుగురికి ఒక గ్లాసు కందిపప్పు, రెండు గుప్పెళ్ల మునగాకు, మూడు గుప్పెళ్ల గోంగూర, ఒక ఉల్లిగడ్డ, ఆరు పచ్చిమిరపకాయలు చాలు. చింతపండు అక్కరలేదు. ఇక్కడ వరుసే ముఖ్యం. పులుపు తగిలిన పప్పు మెదగదు, ఎంతసేపు ఉంచినా పలుకుగానే ఉంటుంది. కనుక మొదట పప్పును మెత్తగా ఉడికించాలి. అందులో ఉల్లి, మిరప, మునగాకు వేసి, మూత పెట్టకుండా ఎనిమిది పది నిమిషాలు ఉంచితే మునగాకు మెత్తబడి పచ్చివాసన పోతుంది. ఇంతవరకు గోంగూర దాని దరికి రాకూడదు.

గోంగూరను వేరే గిన్నెలో అరగ్లాసు నీళ్లతో ఉడికిస్తాను. మూడు నాలుగు నిమిషాల్లో ఆకుపచ్చ రంగు పోయి నీరుకావిరంగు వస్తుంది. అప్పుడు ఆ నీటిని ఒక గిన్నెలోకి వంచి పక్కన పెడతాను. పులుపులో చాలా భాగం ఆ నీటిలోకి దిగుతుంది. ఆకును పప్పులో కలిపి, ఉప్పు వేసి, గుత్తితో ఎనిపి రుచి చూస్తాను. చాలదనిపిస్తే వంచిన నీటిని ఒక్కొక్క చెంచా చొప్పున తిరిగి పోస్తాను. అమ్మీకి సాధారణంగా రెండు చెంచాలు సరిపోతాయి. పిల్లలకు నచ్చే పులుపు కావాలంటే వారి గిన్నెలో మరి రెండు. చివరగా వేరుశెనగ నూనెలో వెల్లుల్లి, జీలకర్ర, ఎండుమిర్చి తాళింపు.

అప్పటికీ పులుపు ఎక్కువనిపిస్తే నీళ్లు పోయరాదు. రుచి పలచబడుతుందే గాని పులుపు పోదు. వేయించిన వేరుశెనగల పొడి ఒక చెంచా కలిపితే పులుపు మెత్తబడుతుంది, జొన్నరొట్టెకు కూర చక్కగా అంటుతుంది. అంబాడా గోష్త్‌కూ ఇదే వరుస. మాంసం పూర్తిగా మెత్తబడిన తరువాతే ఆకు ముద్ద కలపాలి. ఏ వంటకైనా అల్యూమినియం గిన్నె వద్దు. పులుపు దానిని తిని కూరకు లోహపు రుచి తెస్తుంది. మట్టిదో, స్టీలుదో మేలు.

ఒక్క జాగ్రత్త చెప్పాలి. గోంగూరలో ఆక్సాలిక్ ఆమ్లం ఉంది. మూత్రపిండాల్లో రాళ్లున్నవారు వైద్యుణ్ణి అడిగి తినడం మంచిది. అమ్మీకి ఆ బాధ లేదు. ఉన్నది కడుపు మంటే. ఈ వరుసలో వండిన రోజున ఆమె రొట్టె మీద రొట్టె అడుగుతారు, రాత్రి నిశ్చింతగా నిద్రిస్తారు.