ఆకుపచ్చ రంగు దగ్గర ఆగిపోయాను



పోయినసారి మా నాయన నాకు కొనిచ్చిన రేకుపెట్టె గురించి రాశాను కదా. సాంఘిక సంక్షేమ హాస్టల్‌కి వెళ్లేరోజు దాని మూత మీద తెల్లరంగుతో నా పేరూ ఇంటిపేరూ రాయించిన సంగతి. అది చదివి చాలామంది మీ మీ పెట్టెల గురించి రాశారు. ఒకమ్మాయి రాసినది మాత్రం ఫోనులో పైకి తోస్తుంటే ఎంతకీ తరగలేదు. ఆరు వందల మాటలకు తక్కువ ఉండదు. రాత్రి ఒంటిగంట దాటాక రాసింది. దానికి నేనిచ్చిన జవాబు ఐదు చిన్న వాక్యాలు. ఆ ఐదు వాక్యాలకు నాకు దాదాపు పదిగంటలు పట్టింది. ఎందుకు పట్టిందో చెప్తాను. ఆమెను అడిగి, ఊరూ ఉద్యోగమూ మార్చి రాస్తున్నాను.

ఆమె పదో తరగతిలో బాగా మార్కులు తెచ్చుకుంది. ఇంటర్‌కి ఒక ప్రైవేటు కాలేజీ హాస్టల్లో సీటొచ్చింది. వాళ్ల నాయన కూలిపని చేసేవాడు. పెట్టె కొని, మీద పేరు రాయించాడు. గదిలో పిల్లలు ఇంటిపేరు చదివి, మీదే ఊరు, మీరేవుట్లు అని మొదలుపెట్టారు. మనకు తెలిసిన ప్రశ్నలే. వారం తిరక్కుండా ఆమె బ్లేడుతో ఆ పేరు గీకేసింది. దసరా సెలవులకు పెట్టె తలమీద పెట్టుకుని వచ్చింది నాయనే. గీతలు చూశాడు. ఏమీ అడగలేదు. సెలవులు అయిపోయేసరికి పెట్టె మొత్తానికి ఆకుపచ్చ రంగు వేయించి ఉంచాడు. పేరు మళ్లీ రాయించలేదు. ఆయన పోయి రెండేళ్లయింది. ఆ పెట్టెలో ఇప్పుడు వాళ్లమ్మ బియ్యం పోసుకుంటోంది. చివర్లో ఆ అమ్మాయి, ఆ రంగు డబ్బాకు ఎంతయిందో నాకిప్పటికీ తెలియదన్నా, మీరిది చదవకపోయినా పర్లేదు అని ముగించింది.

చదివిన వెంటనే నా వేళ్లు వాటంతటవే ఒక జవాబు కొట్టేశాయి. మీ ప్రేమకు ధన్యవాదాలు, కళ్లు చెమర్చాయి, ఇలాగే చదువుతూ ఉండండి. పంపబోయి ఆగాను. ఈ మాటలు తీసుకెళ్లి ఇంకెవరు రాసినదాని కింద పెట్టినా సరిపోతాయి. నాకు కొడుకు పుట్టాడని రాసినవాళ్లకీ సరిపోతాయి. అలా ఎక్కడ పెట్టినా అతికేది జవాబు కాదు, అందినట్టు ఇచ్చే రసీదు. పైగా ‘ఇలాగే చదువుతూ ఉండండి’ అనే మాటలో ఒక వ్యాపారం ఉంది. ఆమె తన నాయన గురించి చెప్తుంటే నేను నా పాఠకుల సంఖ్య చూసుకుంటున్నట్టు.

అది చెరిపేసి రెండోది రాశాను. ఇందులో లెక్చరర్ నిద్ర లేచాడు. సిగ్గుపడాల్సింది నువ్వు కాదు, నీచేత సిగ్గుపడేట్టు చేసిన కులవ్యవస్థ అన్నాను. ఇంటిపేరు ఎలా కులానికి చిరునామా అవుతుందో మూడు పేరాలు రాశాను. మధ్యలో నేను డిగ్రీలో ఉండగా నా ఇంటిపేరును పొడి అక్షరంగా కుదించుకున్న సంగతి కూడా వచ్చింది. రాసిందంతా నిజమే. కానీ రాయడం అయ్యాక చూసుకుంటే, చెప్పుకోవడానికి వచ్చిన పిల్లను కూర్చోబెట్టి నా కథ వినిపించాను. ఆమె వాళ్ల నాయన దగ్గర మొదలుపెడితే నేను మా ఇంటి దగ్గర తేల్చాను. ‘నీ తప్పు కాదు’ అన్న మాట ఇంకా ఇబ్బందిపెట్టింది. ఆమె నన్ను తీర్పు అడగలేదు. అడగని తీర్పు, అనుకూలమైనదైనా సరే, ఎదుటివాళ్లను బోనులో నిలబెట్టేస్తుంది.

క్లాసులో గబ్బిలం చెప్పేటప్పుడు పిల్లలకు ఒక మాట చెప్తుంటాను. కాళిదాసు యక్షుడు మేఘంతో కబురు పంపిస్తే, 1941లో జాషువా తన అరుంధతీసుతుడి చేత గబ్బిలంతో కబురు పంపించాడు. గుడిలోకి అతన్ని రానివ్వరు, గబ్బిలాన్ని ఎవరూ ఆపరు. పిల్లలు అక్కడున్న వ్యంగ్యాన్ని వెంటనే పట్టుకుంటారు. నేను మాత్రం ఈమధ్య ఇంకోటి చూస్తున్నాను. గోడు చెప్పేదంతా అతనే. గబ్బిలం పని వినడం. మధ్యలో అందుకుని మా గబ్బిలాల కష్టాలు చూడు అని మొదలెడితే ఆ కావ్యం ఉండేది కాదు. (పీహెచ్‌డీ చేసినప్పుడు ఇది తట్టి ఉంటే ఒక చాప్టరు పెరిగేది. పోనీలెండి.)

తెల్లారాక మళ్లీ చదివాను, ఈసారి పెన్ను పట్టుకుని. ఇంత పొడుగు రాసినవాళ్లు అన్నీ ఒకే వేగంతో రాయరు. మార్కులు, సీటు, ఉద్యోగం ఇవన్నీ ఆమె పరుగులో చెప్పేసింది. నాయన చనిపోవడం కూడా రెండు వాక్యాలే. పెట్టె దగ్గరకొచ్చేసరికి నడక నెమ్మదించింది. రంగు ఏదో చెప్పింది, మూత లోపలివైపు పాత రంగే ఉండిపోయిందని చెప్పింది, డబ్బా ఖరీదు తెలియదంది. చదివేవాళ్లకు అక్కర్లేని ఇన్ని వివరాలు ఎక్కడ గుమిగూడతాయో, రాసినవాళ్లు ఆ మొత్తం రాసింది అక్కడికి రావడానికే. జవాబు కూడా అక్కడే తాకాలి. మిగతా అయిదొందల మాటలకూ లెక్క అప్పజెప్పనక్కర్లేదు.

ఎలా తాకాలన్నది ఇంకో చిక్కు. మూడో ప్రయత్నంలో, పేరు గీకేసిన పెట్టెకు మీ నాయన రంగు వేయించడం అని రాశాను. ఆమె రాసిందే, నేను కలిపిందేమీ లేదు. అయినా పొడుగు రాతను అందరూ పూర్తిగా చదవరు, జవాబు చిన్నది కాబట్టి అందరి కళ్లూ దానిమీదే పడతాయి. ఆమె ఆరువందల మాటల మధ్య దాచి చెప్పుకున్నదాన్ని నేను తీసి గుమ్మానికి కట్టినట్టవుతుంది. అందుకని ‘గీకేసిన’ తీసేసి రంగు మాత్రం ఉంచాను. ఆకుపచ్చ అంటే ఏమిటో నాకూ ఆమెకూ తెలుసు. దారిన పోయేవాళ్లకు అది ఒట్టి రంగు.

ఇంకొక వాక్యం చాలాసేపు వదల్లేదు. ‘ఆయన మిమ్మల్ని అప్పుడే క్షమించేశాడు’ అని. చదవడానికి బాగుంటుంది. కానీ ఆ మనిషిని నేను చూడలేదు. రంగు వేయించేటప్పుడు ఆయనకు కోపమొచ్చిందో, బాధేసిందో, పిల్ల రేపు మళ్లీ ఆ గదికే వెళ్లాలి కదా అనుకున్నాడో నాకెలా తెలుస్తుంది? చచ్చిపోయినవాళ్ల తరఫున మాట్లాడటం ఓదార్పులన్నిటిలోకీ తేలిక. అదీ కొట్టేశాను.

పిలుపు దగ్గర కూడా ఆగాను. ఆమె అన్నా అంది. నేను ఫలానా గారూ అంటే తీసిన తలుపు మూసినట్టుంటుంది. అలాగని ముఖం తెలియని ఆడపిల్లను పదిమందిలో నువ్వు అంటే, లెక్చరర్ని కదా, క్లాసులో పిలిచినట్టుంటుంది. చెల్లెమ్మా అని పిలిచి, మీరు అన్నాను. వినడానికి పొసగదు గానీ మన మీటింగుల్లో మనం మాట్లాడుకునేది అలాగే.

చివరికి పంపింది ఇది:

‘జై భీమ్ చెల్లెమ్మా. రాత్రి ఒకసారి, పొద్దున ఒకసారి చదివాను. ఆ ఆకుపచ్చ రంగు దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఆ పెట్టెలో అమ్మ ఇంకా బియ్యం పోసుకుంటున్నారని తెలిసి బాగుంది. దీనికి మళ్లీ రాయాలని ఏం పెట్టుకోకండి.’

చివరి వాక్యం ఎందుకంటే, అంత రాసినవాళ్లు అలిసిపోయి ఉంటారు. మనం చివర్లో ఒక ప్రశ్న అడిగి వదిలితే, అన్న అడిగాడు కదా అని మళ్లీ రాత్రంతా కూర్చుంటారు. రాయొద్దని కాదు, బాకీ లేదని చెప్పడం. పొద్దున పదకొండింటికి పంపాను. రాసిన రెండు నిమిషాలకే పంపితే చదవలేదని తెలిసిపోతుంది. వారం ఆగితే, చెప్పి తప్పు చేశాననుకుంటారు.

ఈ పొట్టి జవాబు అన్నిచోట్లా పనికిరాదు. అది నేను నేర్చుకున్నది ఒక కుర్రాడి దగ్గర. పోయినేడాది ఒక డిగ్రీ పిల్లవాడు వాళ్లమ్మ గురించి గుండె పిండేట్టు రాశాడు. నేనూ మనసుపెట్టి నాలుగు వాక్యాలు రాశాను, నాకే నచ్చాయి. నెల తర్వాత వేరే పనిమీద ఆ రాత మళ్లీ తీస్తే, మధ్యలో ఒక్క వాక్యం కనిపించింది. ఫీజు బాకీ ఉందని కాలేజీవాళ్లు సర్టిఫికెట్లు ఇవ్వట్లేదన్నా, పీజీ అడ్మిషన్ గడువు దగ్గరపడింది అని. మనవాళ్లు సాయం అడిగేటప్పుడు గట్టిగా అడగరు, మధ్యలో పెట్టి ఇటూ అటూ మాటలు కప్పుతారు. ఫోన్ చేశాను. పర్లేదన్నా, పనిలో చేరిపోయాను అన్నాడు. ఆ ‘పర్లేదు’ ఇంకా నాతోనే ఉంది. అప్పట్నుంచి ఏ పొడుగు రాతైనా మొదటిసారి చదివేది పని కోసం. అందులో చేయాల్సిన పని ఏమైనా ఉందా అని. ఉంటే ముందు ఫోన్, తర్వాతే మాటలు. బతకాలని లేదన్న ఛాయ ఉంటే అసలు అందరిలో జవాబే రాయను. వెంటనే విడిగా మాట్లాడతాను, పక్కన ఎవరున్నారో అడుగుతాను, టెలీ మానస్ నంబరు 14416 ఇస్తాను, ఆ రాత్రి ఫోన్ దగ్గర పెట్టుకుంటాను.

ఆకుపచ్చ పెట్టె అమ్మాయి నాలుగు రోజులు ఏమీ అనలేదు. ఐదో రోజు రెండు ముక్కలు రాసింది.

‘అమ్మని అడిగానన్నా. రంగు వేసింది మా పెదనాన్నేనంట, డబ్బా ఎక్కడో పనిచేస్తే మిగిలిందంట. ఆకుపచ్చే ఎందుకంటే అదొక్కటే ఉందంట.’

నేను దానికేమీ రాయలేదు. మా పెట్టె మా ఊళ్లోనే ఉంది, అటక మీద. ఈసారి వెళ్లినప్పుడు దించాలి.