బదిలీ అయ్యే కుర్చీకి శిక్షణ: కోల్‌కతా ఇంటిపన్ను చెప్పే పాఠం

స్థానిక సంస్థల సిబ్బంది సామర్థ్యం మీద ప్రశ్న వస్తే మనలో చాలామంది 74వ రాజ్యాంగ సవరణతో మొదలుపెట్టి మిషన్ కర్మయోగితో ముగిస్తాం. నేనూ అలాగే రాసేవాణ్ణి. కోల్‌కతాలో ఉంటూ ఇక్కడి ఇంటిపన్ను పద్ధతి చదివాక ఈ అంశాన్ని ఒక గుమాస్తా బల్ల దగ్గర నుంచి చూడటం మొదలుపెట్టాను. మీరూ అలా చూడండి.

కోల్‌కతా నగరపాలక సంస్థ 2017లో యూనిట్ ఏరియా పద్ధతికి మారింది. అంతకుముందు ఇంటికి ఎంత అద్దె రావచ్చో అధికారి అంచనా వేసేవాడు. ఇప్పుడు యజమానే ఫారం నింపాలి. నగరాన్ని ఏ నుంచి జి వరకు 7 వర్గాలుగా విడదీసి, ప్రతి వర్గానికీ చదరపు అడుగుకు ఒక ప్రాథమిక విలువ పెట్టారు. దాన్ని విస్తీర్ణంతో, ఆపైన ఇంటి వయసు, వాడకం, నిర్మాణం వంటి గుణకాలతో హెచ్చించాలి.

లెక్క కోసం 1,000 చదరపు అడుగుల పాత ఇల్లు, ప్రాథమిక విలువ 40 రూపాయలు, వయసు గుణకం 0.9 అనుకుందాం. వార్షిక విలువ 36,000 రావాలి. గుణకం మరిచిపోతే 40,000 అవుతుంది. ఆ తేడా మీద యజమాని ఏటా పన్ను కడుతూనే ఉంటాడు.

ఇక్కడ శిక్షణ అవసరాన్ని ఎలా అంచనా వేస్తారు? "మీకు ఏ అంశంలో శిక్షణ కావాలి?" అనే ప్రశ్నావళి పంచితే అందరూ కంప్యూటర్ అని రాసిస్తారు. దానికంటే ఆ బల్ల మీద పూర్తయిన 20 ఫైళ్లు తీసి మళ్లీ లెక్కకట్టడం నయం. 9 తప్పులు దొరికాయనుకోండి. అయిదింటిలో గుణకం తప్పు, మూడింటిలో వీధి వర్గాల పాత జాబితా వాడారు, ఒకటి ఇంటికి వెళ్లి కొలవకుండా రాసింది. శిక్షణ తీర్చేది మొదటి అయిదింటినే. జాబితా కొత్తది ఇస్తే మూడు పోతాయి. చివరిది పర్యవేక్షణ లోపం, తరగతి గదిలో తేలదు. ఈ విభజన లేకుండా అందరినీ మూడు రోజులు సాల్ట్ లేక్‌లోని స్థానిక పాలన శిక్షణ సంస్థకు పంపితే ఖర్చు మాత్రం మిగులుతుంది. (మన జవాబుల్లో ఎక్కువగా కనిపించే సిఫారసు అదే!)

ఇక బదిలీలు. ఇంటిపన్ను నేర్చినవాడు ఆర్నెల్లకు జనన మరణాల విభాగానికి వెళ్తాడు. అందుకే శిక్షణ కుర్చీకి అంటుకోవాలంటాను. బల్ల సొరుగులో రెండు పేజీల కాగితం: ఫారం చూసే క్రమం, తాజా గుణకాలు, లెక్కకట్టిన ఒక నమూనా ఫైలు, తరచూ జరిగే మూడు తప్పులు. కొత్తగా వచ్చినవాళ్లు పాత ఫైళ్లు అయిదు తామే లెక్కకట్టి, జవాబు సరిపోయాకే సంతకం చేయాలి.

వెళ్లేవాడే నేర్పి వెళ్లాలని నియమం పెట్టొచ్చు కదా అంటారా? రిలీవింగ్ ఉత్తర్వు వచ్చిన రోజే కదిలితే వాడికి తీరిక ఎక్కడిది? ఆ అయిదు ఫైళ్లు దిద్దే పని, అదే బరో కార్యాలయంలో ఎక్కువ కాలం ఉండే సీనియర్‌కు అప్పగించాలి. ఆయన పనిభారం నుంచి ఆ గంటలు తగ్గించాలి కూడా. మూడు నెలల తర్వాత మళ్లీ 20 ఫైళ్లు తీస్తే, గుణకం తప్పులు అయిదు నుంచి ఎన్నికి దిగాయో తెలుస్తుంది.