షుగర్ లేని బిస్కెట్‌లో ఏముంది?

గురజాల వెళ్ళినప్పుడల్లా నాన్న బిస్కెట్ల డబ్బా మూత తీసి చూడడం నాకు అలవాటు. ఈసారి గోధుమ వెన్నుల బొమ్మ ఉన్న ప్యాకెట్ కనబడింది. బొమ్మ పైన ‘షుగర్ ఫ్రీ’, కింద ‘పీచు ఎక్కువ’.

“కొట్లో అబ్బాయే ఇచ్చాడురా. షుగరున్నోళ్ళు ఎన్నైనా తినొచ్చంట,” అన్నాడు నాన్న. రోజూ సాయంత్రం టీతో నాలుగు లాగిస్తున్నాడు.

అట్ట మీద రాసిన రెండు మాటలూ అబద్ధాలు కావు. చిక్కంతా అక్కడే. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం నూరు గ్రాముల్లో చక్కెరలు అర గ్రాము దాటకపోతే ‘షుగర్ ఫ్రీ’ అని వేసుకోవచ్చు. ఇక్కడ చక్కెరలంటే పంచదార, గ్లూకోజు, ఫ్రక్టోజు లాంటివే. మైదాలో ఉండే పిండిపదార్థం ఆ లెక్కలోకి రాదు. అరిగాక అదీ గ్లూకోజే అవుతుందన్న సంగతి అట్టకి అక్కర్లేదు, నాన్న ఒంటికి కావాలి.

ప్యాకెట్ వెనక్కి తిప్పాను. వాడిన సరుకులు ఏది ఎక్కువ బరువుంటే అది ముందు వచ్చేలా రాయాలని నియమం. మొదట మైదా, తర్వాత పామాయిలు, మూడోది మాల్టిటాల్, నాలుగోది గోధుమ పొట్టు, 8 శాతం. అన్ని వెన్నులు గీసింది ఈ నాలుగో సరుకు కోసమన్నమాట. మాల్టిటాల్ తియ్యగానే ఉంటుంది గానీ చట్టం దాన్ని చక్కెర కింద లెక్కేయదు. పంచదార అంత కాకపోయినా రక్తంలో గ్లూకోజుని అదీ కొంత పెంచుతుంది. మోతాదు మించితే కడుపు ఉబ్బరం, విరేచనాలు కూడా.

నూరు గ్రాములకి కార్బోహైడ్రేట్లు 68, అందులో మాల్టిటాల్ 14, పీచు 6. ఆ రెండూ తీసేస్తే మిగిలిన 48 గ్రాములు దాదాపు అంతా పిండిపదార్థమే. బిస్కెట్ పది గ్రాములు. నాలుగు తింటే 19 గ్రాముల పిండిపదార్థం, అంటే సుమారు 70 గ్రాముల అన్నం తిన్నట్టు. దాని మీద 8 గ్రాముల కొవ్వు అదనం. ఇక ‘పీచు ఎక్కువ’ అని వేసుకోవడానికి నూటికి 6 గ్రాములుంటే చాలు. నాన్నకి ముట్టేది రెండున్నర గ్రాముల లోపే.

ఇదంతా కాగితం మీద వేసి చూపించాను. “అన్నం తగ్గించి ఇవి తింటున్నానే!” అన్నాడు. టీ తాగిన రెండు గంటలకి ఓసారి మీటరుతో చూసుకో, ఇంకోరోజు బిస్కెట్లు లేకుండా చూసుకో అన్నాను. అట్ట చదవడం కన్నా ఆయనకి అదే నమ్మకం.

హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో ఈ మాటే ఉంది: షుగర్ ఫ్రీ అన్న సరుకులో కొవ్వు, మైదా దండిగా ఉండొచ్చు, అట్ట మీది గొప్పలు నమ్మి కొనొద్దని.

నాన్న ఊరుకుంటాడా? నా బ్యాగులోంచి ప్రోటీన్ బార్ తీశాడు. “మరి దీని సంగతేంది?”

న్యాయమైన ప్రశ్నే. అది అమెరికా సరుకు. ముందు వైపు ‘20 గ్రాముల ప్రోటీన్’ అని పెద్దక్షరాలు. అక్కడ ప్రోటీన్ గురించి గొప్ప చెప్పుకుంటే, వెనకాల రోజువారీ అవసరంలో అది ఎంత శాతమో కూడా వేయాలి. రోజుకి 50 గ్రాముల లెక్క కాబట్టి 20 గ్రాములకి 40 శాతం రావాలి. ఆ బార్ మీద ఉన్నది 14 శాతం! ఎందుకంటే ఆ శాతం కట్టేటప్పుడు ప్రోటీన్ నాణ్యతని కూడా లెక్కలోకి తీసుకుంటారు. సరుకుల జాబితాలో మొదటిది కొలాజెన్. అందులో ట్రిప్టోఫాన్ అనే అవసరమైన ఎమినో ఆమ్లం ఉండదు గనక దాని నాణ్యత సున్నా. పాలవిరుగుడు నుంచి వచ్చిన ఏడు గ్రాములే లెక్కకొచ్చాయి.

మన దగ్గర ఆ వెసులుబాటు లేదు. ఇక్కడ కొవ్వు, కలిపిన చక్కెర, సోడియం లాంటివాటికి రోజువారీ శాతం వేయాలి గానీ ప్రోటీన్‌కి ఆ నియమం లేదు. పైగా నూరు గ్రాముల్లో రోజువారీ అవసరంలో ఐదో వంతుంటే ‘హై ప్రోటీన్’ అనేయొచ్చు. 54 గ్రాముల లెక్కన పదకొండు గ్రాములు ఉంటే సరి. మామూలు గోధుమపిండిలోనే ఇంచుమించు అంత ఉంటుంది! అందుకే ఇక్కడి బార్ కొనేటప్పుడు నేను చూసేది మొదటి మూడు సరుకులు. ఖర్జూరం, లిక్విడ్ గ్లూకోజ్, చాక్లెట్ పూత ముందుండి, సోయానో పాలవిరుగుడో ఆ వెనక వస్తే అది మిఠాయే. మిఠాయి తినాలనిపిస్తే తినొచ్చు, ప్రోటీన్ ధర పెట్టి మాత్రం కాదు.

“ఇంకో నాలుగు బార్లున్నాయేంది లోపల?” అన్నాడు నాన్న, బ్యాగు జిప్పు వేస్తూ.