పోస్టు ఎడిట్ చేస్తే పాతది ఎక్కడికి పోతుంది?

అమీర్‌పేటలో పీజీ వెతుక్కుంటున్నప్పుడు ఫేస్‌బుక్‌లో ఒక పోస్టు కనిపించింది. నెలకి 6,500, అడ్వాన్స్ 8,000, 'ఖాళీ చేసేటప్పుడు అడ్వాన్స్ మొత్తం తిరిగి ఇస్తాం' అని ఉంది. నాకు ఆ చివరి ముక్కే నచ్చింది. వెంటనే చేరిపోయాను.

నాలుగు నెలలకి ఖాళీ చేస్తానంటే ఓనర్ గారు, "మెయింటెనెన్స్ కింద మూడు వేలు పోతాయమ్మా, పోస్టులోనే రాశాం కదా" అన్నారు. ఫోన్ తీసి చూస్తే నిజంగానే రాసి ఉంది! పైన తేదీ కూడా నేను చేరకముందుదే. నేనే సరిగ్గా చదవలేదేమో అని ఎవరికైనా అనిపిస్తుంది.

అసలు మెలిక ఆ తేదీ దగ్గరే ఉంది. ఫేస్‌బుక్‌లో పోస్టుని ఎప్పుడు ఎడిట్ చేసినా, పైన కనిపించేది మొదట పెట్టిన రోజే. లైక్ కొట్టినవాళ్లకి 'ఇది మారింది' అని కబురు రాదు. షేర్ చేసినవాళ్ల దగ్గర కూడా కొత్త మాటలే కనిపిస్తాయి. చూడగానే అది మొదటి నుంచీ అలాగే ఉన్నట్టు ఉంటుంది.

నా రూమ్మేట్, "అక్కా, పోస్టు పక్కన మూడు చుక్కలున్నాయి చూడు, నొక్కు" అంది. అందులో View edit history అని ఉంది. నొక్కితే రెండు వెర్షన్లు వచ్చాయి. ఒకదాంట్లో 'మొత్తం తిరిగి ఇస్తాం'. ఇంకోదాంట్లో ఆ మాట తీసేసి, 'మెయింటెనెన్స్ 3,000 మినహాయించి' అని పెట్టారు. దాని తేదీ నేను చేరిన రెండు వారాల తర్వాతది. పోస్టు ఎవరికి కనిపిస్తుందో వాళ్లందరికీ ఈ చరిత్ర కూడా కనిపిస్తుంది. ఓనర్ గారికి ఆ సంగతి తెలిసినట్టు లేదు.

వెంటనే కిందికెళ్లి గొడవపడదామనుకున్నాను. రూమ్మేటే ఆపింది. ఎందుకంటే ఆ చరిత్ర ఉండేది పోస్టు ఉన్నంతవరకే. పోస్టు డిలీట్ చేస్తే దాంతోపాటే పోతుంది. 'పబ్లిక్' తీసేసి 'ఫ్రెండ్స్' పెట్టినా నాకు ఇక కనిపించదు, పైగా ఆ మార్పు ఎడిట్ చరిత్రలో పడదు. అందులో పడేది రాతలో చేసిన మార్పు. అందుకని ముందు రెండు వెర్షన్లూ తేదీలతో సహా స్క్రీన్‌షాట్ తీసుకున్నాను.

ఇంకో ఆధారం వాట్సాప్‌లో దొరికింది. చేరినరోజు ఆయన 'అడ్వాన్స్ ఫుల్ రిటర్న్' అని మెసేజ్ పెట్టారు. వాట్సాప్ పద్ధతి వేరు. అక్కడ ఎడిట్ చేస్తే Edited అని పక్కన పడుతుందే తప్ప, పాత మాట ఏంటో ఎవరికీ కనిపించదు. కాకపోతే పంపిన 15 నిమిషాల్లోపే మార్చాలి. నాలుగు నెలల నాటి మెసేజ్ కాబట్టి ఆయన ఇప్పుడు చేయగలిగింది లేదు.

స్క్రీన్‌షాట్లు చూపిస్తే ఓనర్ గారు కాసేపు ఫోన్‌లోకి, కాసేపు నావైపు చూశారు. "మా అబ్బాయి మార్చి ఉంటాడమ్మా" అన్నారు. సాయంత్రానికి ఎనిమిది వేలూ ఫోన్‌పేలో వచ్చాయి. రాత్రి మళ్లీ చూస్తే ఆ పోస్టు లేదు.