ఎముక పక్కన ఎరుపు

డాలస్‌లో నా మొదటి చలికాలం. కాశిబుగ్గలో అమ్మ కోడికూర వండుతుంటే వాసన తప్ప ఏదీ పెద్దగా పట్టించుకోని నేను, ఆ రాత్రి కిలో లెగ్ పీసులు పొయ్యి మీద పెట్టాను. 20 నిమిషాలకు నూనె తేలింది. తుంచితే ఎముక పక్కన కండ ఇంకా పచ్చిగా, జిగటగా ఉంది.

"నూనె తేలితే మసాలా వేగినట్టు బిడ్డా, ముక్క ఉడికినట్టు కాదు. అన్నిటికన్నా పెద్ద ముక్క తీసి చూడు," అంది అమ్మ ఫోన్లో.

మూత పెట్టి మరో పావుగంట ఉంచాను. ఈసారి కండ ఎముకను తేలిగ్గా వదిలింది. థర్మామీటరు గుచ్చితే 80 డిగ్రీల సెల్సియస్, 74 చాలు. ఎముక దగ్గర కాస్త ఎరుపు మిగిలింది, అది లేత కోడి మజ్జ రంగు.

అమ్మ గరిటె అంచుతో ముక్కను నొక్కి, ఒక్క క్షణం ఆగేది. ఆ క్షణం ఇప్పుడు నా చేతిలో ఉంది.