నెల నెలా 400 కడుతున్నా బాకీ ఎందుకు పెరుగుతోంది?

ఫ్లోరిడాలో మన సైట్లో పనిచేసే తమ్ముడొకడు రెండేళ్ల కింద చిన్న కాండో కొనుక్కున్నాడు. జులైలో అసోసియేషన్ వాళ్ల స్టేట్‌మెంట్ పట్టుకొచ్చి, "అన్నా, నేను తప్పింది మార్చి ఒక్క నెల. ఏప్రిల్ నుంచి ఒకటో తారీఖునే 400 కడుతున్నా. మరి బాకీ 526 డాలర్ల 83 సెంట్లు అంటారేంటి?" అన్నాడు. మేనేజ్‌మెంట్ కంపెనీ మారినప్పుడు పాత ఆటోపే ఆగిపోయిందట, మార్చి అలా పోయింది.

ముందు ఆ 400లో ఏముందో చూద్దాం. 310 రోజువారీ ఖర్చులకి: ఇన్సూరెన్స్, చెత్త, లిఫ్ట్, నీళ్లు. 90 రిజర్వ్. మన హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో కార్పస్ ఫండ్ అంటాం, ముంబై వాళ్లు సింకింగ్ ఫండ్ అంటారు, దాదాపు అదే. దాన్ని ఎలా లెక్కేస్తారంటే, రూఫ్ మార్చడానికి 3 లక్షల డాలర్లు అవుతుంది, ఇంకో 5 ఏళ్లు ఆగుతుంది, చేతిలో లక్ష ఉంది అనుకోండి. మిగతా 2 లక్షలు 5 ఏళ్లలో, 40 ఇళ్ల మీద. ఇంటికి నెలకి సుమారు 83. చాలామంది ఈ లైన్ చూసి దండగ అనుకుంటారు. 2021 జూన్ 24న మయామీ పక్కన సర్ఫ్‌సైడ్‌లో 12 అంతస్తుల కాండో కూలి 98 మంది పోయారు. రిపేర్లు చేయాలని ముందే రిపోర్టు ఉంది, వాటికి సరిపడా డబ్బే ఫండ్‌లో లేదు. ఆ తర్వాత ఫ్లోరిడా చట్టం మార్చింది. మూడంతస్తులు, అంతకంటే ఎత్తున్న కాండోల్లో స్ట్రక్చర్‌కి సంబంధించిన రిజర్వ్‌ని ఓటేసి మాఫీ చేసుకోవడం ఇప్పుడు మునుపటిలా కుదరదు. కాంక్రీటు పనిలో ఉన్నోణ్ణి, ఆ 90 గురించి నేను గొడవ పడను.

అసలు చిక్కు కింది లైన్లలో ఉంది. ఫ్లోరిడా కాండో చట్టంలో మనం కట్టిన డబ్బు ఏ వరసలో జమ అవ్వాలో రాసి ఉంది. ముందు వడ్డీ, తర్వాత లేట్ ఫీజు, తర్వాత లాయరు ఖర్చులు, చివరికి పాత మెయింటెనెన్స్. డిక్లరేషన్‌లో వేరే రేటు రాయకపోతే వడ్డీ ఏడాదికి 18 శాతం, అంటే నెలకి నూటికి రూపాయిన్నర. లేట్ ఫీజు వాళ్ల డిక్లరేషన్‌లో గానీ బైలాస్‌లో గానీ ఉంటేనే వేయాలి. అదీ 25 డాలర్లు, లేదా వాయిదాలో 5 శాతం, ఏది ఎక్కువైతే అంతవరకే.

ఇప్పుడు తమ్ముడి లెక్క. ఏప్రిల్ ఒకటిన 400 కట్టాడు. మార్చి 400 మీద నెల వడ్డీ 6, లేట్ ఫీజు 25, రెండూ కలిపి 31 ముందే పోయాయి. మిగిలిన 369 మార్చి బాకీకి పోయింది. మార్చిలో ఇంకా 31 ఉండిపోయింది. ఇక ఏప్రిల్‌కి? పైసా జమ కాలేదు! వాడు ఏప్రిల్ కట్టేశాననుకుంటున్నాడు, పుస్తకంలో ఏప్రిల్ మొత్తం లేటు. అందుకే మళ్లీ 25. మే ఒకటిన 431 మీద వడ్డీ 6.47, ఫీజు 25. జూన్‌లో రెండూ కలిపి 31.94, జులైలో 32.42. నాలుగు నెలల్లో పైన పడ్డది 126.83. దానికి ఆ తప్పిన 400 కలిపితే 526.83. అంటే లెక్క తప్పు కాదు. వాడు జన్మంతా ప్రతి నెలా 400 కట్టినా ఇది తీరదు, పెరుగుతూనే ఉంటుంది.

"చెక్కు మీద ఏప్రిల్ నెలకి అని రాస్తే?" అన్నాడు. కుదరదు. మనం ఏం రాసినా ఆ వరసే నడుస్తుందని చట్టంలోనే ఉంది. కాలిఫోర్నియాలో ఉన్నోళ్లకి ఇది తిరగబడి ఉంటుంది. అక్కడ ముందు అసలు మెయింటెనెన్స్ పూర్తిగా తీరాలి, ఆ తర్వాతే ఖర్చులు, లేట్ ఫీజు, వడ్డీ. వడ్డీ కూడా 12 శాతం దాటకూడదు. కాబట్టి వేరే రాష్ట్రంలో బావమరిది చెప్పిన మాట పట్టుకుని వాదనకి పోవద్దు.

మీ స్టేట్‌మెంట్‌లో ఇది జరుగుతోందా లేదా తెలియాలంటే నెలవారీ లెడ్జర్ అడగండి. కొందరు ఒక్క పేజీ సమ్మరీ పంపుతారు, అందులో ఏమీ తెలీదు. పాత బాకీ లైన్‌ని 0.18తో గుణించి 12తో భాగిస్తే ఆ నెల వడ్డీ దాదాపు రావాలి. అంతకంటే బాగా ఎక్కువుంటే వడ్డీ మీద, ఫీజు మీద కూడా వడ్డీ వేస్తున్నారేమో చూడండి. లాయరు ఫీజు లైన్ కనిపిస్తే, దానికి ముందు 30 రోజుల గడువుతో రాతపూర్వక నోటీసు వచ్చిందా అడగండి. ఆ నోటీసు ఇవ్వకుండా అది వసూలు చేయకూడదు. దీన్ని వదిలేస్తే లీయన్ వేసి, కోర్టుకెళ్లి, ఇల్లు వేలం దాకా తీసుకెళ్లే హక్కు వాళ్లకుంది.

తమ్ముడితో మేనేజర్‌కి మెయిల్ పెట్టించా. ఫలానా తారీఖుకి మొత్తం తీరాలంటే ఎంతో రాసి పంపమని. వడ్డీ రోజూ పెరుగుతుంది కాబట్టి తారీఖు వేయించుకోవాలి. జులైకి ఇంకో 25, పది రోజుల వడ్డీ కలిపి 554 పైచిలుకు వచ్చింది. ఒకేసారి కట్టాడు. ఆగస్టు ఒకటిన కట్టిన 400 ఆగస్టుకే జమ అయ్యింది, లెడ్జర్‌లో చూశాం.